ఆదివారం సాయంత్రం కడుపులో బరువు: ఎందుకు, ఏం చేయాలి

లక్షణం

మధ్యాహ్నం భోజనం దాకా బాగానే ఉంటుంది. నాలుగు దాటి టీ పెట్టుకునే వేళకి కడుపులో ఏదో మెలితిప్పినట్టవుతుంది. సినిమా పెట్టుకున్నా కథ ఎక్కదు. చేయి దానంతటదే ఆఫీసు చాట్ తెరుస్తుంది. కొత్త మెసేజ్ ఏమీ లేకపోయినా పది నిమిషాలకి మళ్ళీ తెరుస్తుంది. పదకొండుకి పడుకుంటే ఒంటిగంట దాకా నిద్ర రాదు.

బెంగళూరులో మారతహళ్ళి, బెళ్ళందూరు పీజీల్లో ఉండే మన పిల్లలు చాలామంది ఈ మాట చెప్పాక, "ఈ ఉద్యోగం నాకు సరిపడదేమో అక్కా" అంటారు. అంత దూరం వెళ్ళే ముందు చిన్న పని చేయండి. బరువు మొదలైన క్షణంలో కళ్ళ ముందు ఏం కనబడిందో కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. "సోమవారం" అని రాస్తే చాలదు. ఏ పని, ఏ మీటింగు, ఏ మనిషి అన్నది రాయాలి. రెండు మూడు ఆదివారాలు రాస్తే కారణం బయటపడుతుంది.

కారణం: శుక్రవారం సగంలో వదిలేసిన పని

నాతో పనిచేసిన అనంతపురం అమ్మాయి రాసిన వాక్యం ఇది: "స్టాండప్‌లో నా వంతు వచ్చింది, చెప్పడానికి ఏమీ లేదు." స్టాండప్ అంటే టీం అంతా కలిసి ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే చిన్న మీటింగు. ఆ శుక్రవారం రిపోర్టులో లెక్క కలవలేదు. ఊరి బస్సుకి టైమైందని ల్యాప్‌టాప్ మూసేసి వెళ్ళిపోయింది. రెండు రోజులూ ఆ లెక్క ఆమె వెంటే తిరిగింది.

తెగని పని మనసులోకి పదే పదే వస్తుంది. మాసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒక ఊరట కలిగించే సంగతి తేలింది. పని పూర్తి కాకపోయినా, దాన్ని ఎప్పుడు ఎలా చేస్తామో కచ్చితంగా నిర్ణయించుకుంటే ఆ తలపుల తాకిడి తగ్గింది. అంటే శనివారం కూర్చుని పని ముగించక్కర్లేదు.

పరిష్కారం

శుక్రవారం చివరి 15 నిమిషాలు దీనికే ఉంచుకోండి. పని ఎక్కడ ఆగింది, ఎవరిని అడగాలి, సోమవారం మొదట ఏం తెరవాలి అన్న మూడూ రాయండి. ఆ అమ్మాయి మొదటి వారం "రిపోర్టు సరిచేయాలి" అని రాసింది. ఆదివారం బరువు అలాగే వచ్చింది. ఆ వాక్యం చదివితే మళ్ళీ భయమే కదా, అందులో దారి లేదు. తర్వాతి వారం ఇలా రాసింది: "రెండు ఎంట్రీలు రెండుసార్లు పడ్డట్టున్నాయి. డేటా టీంని అడగాలి. సోమవారం 9:30కి ఆ రెండింటి నంబర్లు పోల్చాలి. స్టాండప్‌లో ఇదే చెప్పాలి." ఆ సాయంత్రం లెక్క గుర్తొచ్చింది గానీ, వెనకే జవాబూ వచ్చింది. మీరు రాసింది చదివి పక్క సీటువాళ్ళు పని మొదలుపెట్టగలిగితే, అది సరిగ్గా రాసినట్టు.

శుక్రవారం కుదరకపోతే ఆదివారం అయిదింటికి రాయండి, కానీ కాగితం మీదే. ల్యాప్‌టాప్ తెరిస్తే ఆ ఒక్క పనితో పాటు ఇంకో పది మెసేజ్‌లు కంటపడతాయి. పడుకునే ముందు రాసినా మేలే. 2018లో అమెరికాలో స్కలిన్ బృందం ప్రచురించిన చిన్న అధ్యయనంలో, చేయాల్సిన పనులు అయిదు నిమిషాలు రాసినవాళ్ళు, అయిపోయిన పనులు రాసినవాళ్ళకన్నా సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు.

నిద్ర రాకపోవడమే కారణమైతే

ఆదివారం పదకొండింటికి లేచి రాత్రి పదకొండుకి పడుకుంటే, మెలకువగా ఉన్నది 12 గంటలే. మామూలు రోజున 16 గంటలుంటారు. నిద్ర ఎలా వస్తుంది? ఆ ఖాళీలోకే సోమవారం వచ్చి కూర్చుంటుంది. ఆదివారం కూడా రోజూ లేచే వేళకి గంట అటూ ఇటూగా లేవండి. మరీ అలసటగా ఉంటే మధ్యాహ్నం మూడులోపు అరగంట కునుకు తీయండి. ఫిల్టర్ కాఫీ మధ్యాహ్న భోజనంతో ఆపేయండి. ఊరికెళ్ళేవాళ్ళకి ఇంకో మాట: ఆదివారం రాత్రి బస్సెక్కి తెల్లారి సిల్క్ బోర్డు దగ్గర దిగి, అటునుంచే మీటింగుకి పరుగెత్తడం దీనికి తోడవుతుంది. అనంతపురం అమ్మాయి మధ్యాహ్నం బస్సుకి మారింది. విజయవాడ వాళ్ళకి అది కుదరదు, వాళ్ళు సోమవారం పొద్దున బరువైన పని పెట్టుకోకుండా ఉంటే కొంత నయం.

ఇవి పనిచేయకపోతే

మీ కాగితంలో ప్రతివారం ఒకే మనిషి ముఖం వస్తోందా? వాళ్ళు సెలవులో ఉన్న వారం ఆదివారం తేలిగ్గా గడిచిందా? అయితే జాబితాలు రాసి లాభం లేదు. ఆ సంగతి బుధవారమో గురువారమో, మనసు కుదురుగా ఉన్న రోజున పై మేనేజరుతోనో హెచ్.ఆర్.తోనో మాట్లాడాలి, లేదా టీం మారాలి.

బరువు మంగళ, బుధవారాల్లో కూడా పోకుండా, తిండీ నిద్రా చెడి రెండు వారాలు దాటితే, అది ఆదివారానికి సంబంధించింది కాదు. డాక్టరుకి చూపించుకోండి. బెంగళూరులోనే హోసూరు రోడ్డులో మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. అంతవరకూ వెళ్ళడానికి సంకోచమైతే, 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.