ఎదురుపడ్డప్పుడు నోరు పెగలకపోతే: నత్తి ఉన్నవాళ్లకు పలకరింపుల సమస్య - పరిష్కారం

సమస్య: కావలి బజార్లో పెద్దాయన ఒకరు ఎదురై "ఏం అబ్బయ్యా, బాగుండావా?" అంటారు. "బాగుండా పెదనాయనా" అనాలి. మాట తెలుసు, పెదాలు కలిశాయి, ఇక విడివడవు. లేదా "బా బా బా" దగ్గరే ఆగుతుంది. మర్నాటి నుంచి ఆయన దూరాన కనిపించగానే కడుపులో దిగులు మొదలవుతుంది.

ముందు చూడాల్సింది: ఇంట్లో ఎవరూ లేనప్పుడు అదే మాట పదిసార్లు పైకి అనండి. దాదాపు అన్నిసార్లూ సాఫీగా వచ్చిందా? అయితే నాలుకలో లోపం లేదు. ఈ రెండు నిమిషాల పరీక్ష చేయరు గానీ వసకొమ్ము అరగదీస్తారు, నోట్లో గులకరాళ్లు పెట్టుకుంటారు, నాలుక కింద నరం కోయించాలంటారు. ఒంటరిగా పలికే నాలుకకు ఇవేవీ అక్కర్లేదు. ఒంటరిగా ఉన్నా కాస్త తడబడితే కంగారు వద్దు, కింది పద్ధతే మీకూ పనికొస్తుంది.

కారణం 1: తోపుడు. మాట ఆగగానే బలంగా తోస్తాం. తోసేకొద్దీ ఆ పట్టు మరీ బిగుస్తుంది. ఎక్కడ బిగుస్తుందో ముందు కనిపెట్టండి. "బాగుండా" అంటే పెదాల దగ్గర, "నమస్తే" అంటే పైపళ్ల వెనక నాలుక కొస దగ్గర, "అన్నా" అంటే గొంతులో. పెదాలైతే కాగితం పట్టుకున్నంత తేలిగ్గా ఆనించి వదలండి. "న" అయితే ముక్కులో గొంతు మోగుతూ ఉండగానే నాలుక జార్చండి. గొంతులో బిగిస్తే కాస్త గాలి బయటికి పోనిచ్చి, దాని వెనకే "అ" అనండి. "బా"లో అచ్చు ఎలాగూ దీర్ఘమే, ఇంకాస్త సాగినా వినేవాళ్లు పట్టించుకోరు. సాధన చేస్తే ఇది చేతికొస్తుంది.

చేతికొచ్చినా దిగులు పోలేదని చాలామంది అంటారు. అసలు దొంగ వేరేచోట ఉన్నాడు.

కారణం 2: నిన్న పనిచేసిన చిట్కా. ఎరువుల కొట్లో పనిచేసే కుర్రాడు ఒకడున్నాడనుకుందాం. "నమస్తే" దగ్గర ఆగుతున్నాడు. ఒకరోజు "ఆ... సార్, నమస్తే" అన్నాడు, గలగలా వచ్చింది. హమ్మయ్య అనుకున్నాడు. నెల తిరక్కుండా "ఆ" కూడా ఇరుక్కోవడం మొదలైంది. దానికి ముందు "అదే" చేర్చాడు. తర్వాత "నమస్తే" మానేసి "బాగుండారా సార్" అన్నాడు. కొన్నాళ్లకు "బా" కూడా మొరాయించింది. చివరికి ఖాతాదారు గుమ్మంలోకి రాగానే ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటిస్తున్నాడు.

ఎందుకిలా అవుతుంది? తప్పించుకున్న ప్రతిసారీ గుండె తేలికపడుతుంది. ఆ తేలికే "ఈ మాట ప్రమాదం, తప్పించుకున్నావు గనక బతికావు" అని మెదడుకు నేర్పుతుంది. కాబట్టి రేపటి భయం పెరుగుతుంది. సొంత పేరు దగ్గర ఎక్కువమంది ఆగిపోవడానికీ ఇదొక కారణం. "ఎవురి పిల్లోడివి, పేరేంది?" అంటే మార్చి చెప్పడానికి ఇంకో పేరుండదు.

చిట్కాను కనిపెట్టడానికి ఒకటే ప్రశ్న: నత్తి లేకపోయినా నేను ఇలాగే చేస్తానా? బండి మీద పోతున్నవాడు "యాడికి?" అని అరిస్తే తలెగరేసి చెయ్యి ఊపడం అందరూ చేసేదే. ఆపకండి. కొట్టుకొచ్చి ఎదురుగా నిలబడ్డ మామకు కూడా తలూపి ఊరుకుంటే అది తప్పించుకోవడమే. "హలో" బదులు "చెప్పన్నా" అనడం కొందరికి అలవాటు, కొందరికి దాక్కునే చోటు. బయటివాళ్లు తేల్చలేరు, మీకే తెలుస్తుంది.

పరిష్కారం ఇలా. పలకరించే మనుషులను ఐదుగురిని రాసుకోండి, తేలిక నుంచి కష్టానికి: ఇంట్లో చెల్లెలు, టీ కొట్టు అన్న, పక్కింటి పిన్నమ్మ, కొట్టుకొచ్చే ఖాతాదారు, పెద్ద సారు. మొదటి వారం మొదటి ఇద్దరితోనే. ముందు చేర్చే "ఆ", "అదే" పూర్తిగా తీసేసి, అసలు మాటతోనే మొదలుపెట్టండి. ఇరుక్కుంటే మాట మార్చకండి, ఎలాగోలా పూర్తిచేయండి. పూర్తయ్యాక మూడు సెకన్లు ఆగి, అదే మాటను తేలికపాటి ఆనింపుతో నెమ్మదిగా మళ్లీ అనండి. తనకూ నత్తి ఉన్న అమెరికా స్పీచ్ థెరపిస్టు చార్లెస్ వాన్ రైపర్ దీన్ని క్యాన్సిలేషన్ అన్నారు. ఆ విరామంలోనే బిగువు వదులుతుంది, అందుకే దాన్ని మింగేయొద్దు.

రెండో వారం కావాలనే నత్తి తెచ్చుకోండి. టీ కొట్టు అన్నతో "బా-బా-బాగుండా" అని వదులుగా, రోజుకు ఐదుసార్లు. వింతగా అనిపిస్తుంది, కానీ దాచాల్సింది మీరే బయటపెట్టాక బయటపడుతుందన్న భయానికి పని తగ్గుతుంది. ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే: బిగించి చేయడం. నటన నిజమైన పట్టుగా మారితే ఆపి, ఇంకా మెత్తగా చేయండి.

ఆ కుర్రాడి విషయంలో మొదట పోవాల్సింది ఫోను నటన, తర్వాత "నమస్తే" బదులు అనే "బాగుండారా", తర్వాత "అదే", తర్వాత "ఆ". కట్టిన వరసకు వెనక నుంచి విప్పాలి. మొదట్లో మాట ముందుకంటే ఎక్కువే ఆగవచ్చు, ఎందుకంటే దాచిన నత్తి ఇప్పుడు బయటికొస్తోంది. ఇక్కడే చాలామంది మానేస్తారు. లెక్కపెట్టాల్సింది ఎన్నిసార్లు ఆగారన్నది కాదు, ఎన్నిసార్లు మాట మార్చారన్నది. ఆ లెక్క తగ్గుతుంటే దారి సరైనదే.

కారణం 3: ఎదుటివాళ్ల తొందర. నెమ్మదిగా మాట్లాడేవాళ్లకు ఇది ఎక్కువ. మాట మధ్యలో కళ్లు కిందికి దించితే, ఎదుటివాళ్లు అయిపోయిందనుకుని వాక్యం వాళ్లే పూరించేస్తారు. చూపు అలాగే నిలిపి, చెయ్యి కాస్త ఎత్తి ఆపండి. కొత్తవాళ్లయితే ముందే చెప్పేయండి: "నాకు నత్తి అన్నా, కొంచెం నిదానంగా చెప్తా." ఒక్కసారి, మామూలు గొంతుతో. ఏమనుకోకండి, క్షమించండి అని తోక తగిలించవద్దు, ఆ మాటే ఇంకో చోట ఇరుక్కుంటుంది.

ఫోను: ఎత్తాక నిశ్శబ్దంగా ఉంటే అవతలివాళ్లు లైను పోయిందనుకుని పెట్టేస్తారు. పెట్టేస్తే మళ్లీ చేస్తారు, లేదంటే మీరే చేయండి. గట్టిగా ఊపిరి బిగబట్టి "హలో" కోసం కాచుకోవద్దు, "హ" గాలి మీదే నడిచే అక్షరం, గాలి కదిలితేనే వస్తుంది.

అరుదైనవి: కొత్త మందు మొదలుపెట్టాక నత్తి వస్తే రాసిన డాక్టరును అడగండి. ఎప్పుడూ లేనిది ఒక్కసారిగా మాట తడబడినా, ముఖం ఓ పక్కకు లాగినా, చెయ్యి బలహీనపడినా ఈ పేజీ మూసి 108కి ఫోన్ చేయండి.