జోకు కట్టడం – నాలుగో పాఠం: పంచ్ వెనక వేలాడే తోక

పోయిన పాఠంలో తప్పు నాదే. ‘పంచ్ చివర్లో రావాలి’ అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. మీరంతా దాన్ని చివరి వాక్యంలో అని అర్థం చేసుకున్నారు. నేను అనుకున్నది చివరి మాట. ఈ తేడా చెప్పకపోవడం వల్ల మీరు పంపిన జోకుల్లో ముప్పాతిక ఒకేచోట బోల్తా కొట్టాయి. అందుకని ఈసారి అనుకున్న పాఠం పక్కన పెట్టి దీన్నే చూద్దాం. ఎత్తుగడ అంటే ఏమిటో, పంచ్ అంటే ఏమిటో మళ్ళీ మొదట్నుంచీ చెప్పను.

‘పోయింది’ అనే మాట మీద జోకు కట్టమన్నాను కదా. కందుకూరు నుంచి ఒకాయన పంపింది ఇది:

“ఒకాయనింట్లో రాత్రి కరెంటు పోయిందంట. పొద్దున ఫ్రెండుకి చెప్తుంటే, వాడేమో భార్య పోయిందనుకుని మీ అత్తకి చెప్పావా అన్నాడంట. అప్పుడాయన, లైన్‌మేనుకి కదరా చెప్పాల్సింది అని అన్నాడంట.”

సరుకు చాలా మంచిది. కానీ మొదటి వాక్యంలోనే కరెంటు అని చెప్పేశాక ఇక వినేవాడు తప్పుదారి పట్టేదెక్కడ? ఇక్కడ పొరబడింది జోకులోని ఫ్రెండు. పొరబడాల్సింది వినేవాడు. ఫ్రెండు పొరబాటును మనం గట్టు మీద నిలబడి చూస్తున్నాం, అంతే.

దీన్ని విప్పి మళ్ళీ కడదాం.

“ఏరా, కళ్ళు అట్లా ఎర్రబడినయ్యే?”
“రాత్రి పదకొండింటికి చెప్పాపెట్టకుండా పోయింది రా. పిల్లలు లేచి ఒకటే ఏడుపు. ఎవురికి ఫోన్ చేసినా మాకు తెలీదనే. తెల్లారి నాలుగింటికి, ఏం జరగనట్టే వచ్చింది.”
“మరి మీ అత్తకి చెప్పకపోయినావా?”
“ఆమేం చేస్తది? చెప్పాల్సింది లైన్‌మేనుకి.”

ఇది పనిచేయడానికి తెలుగు మనకు ఒక వరం ఇచ్చింది. ఆడమనిషి పోయినా పోయింది, బస్సు పోయినా పోయింది, కరెంటు పోయినా పోయింది. కర్త చెప్పకుండా క్రియ ఒక్కటే వాడితే వినేవాడే కర్తను తెచ్చి పెట్టుకుంటాడు. రాత్రి, పిల్లల ఏడుపు, ఫోన్లు అన్నీ కలిసేసరికి వాడు తెచ్చుకునేది భార్యనే. మనం అబద్ధం చెప్పలేదు, దారి చూపించామంతే. ఇదే మగవాడి మీద కట్టబోతే ‘పోయాడు’ దగ్గరే ఆగిపోతుంది, కరెంటు ‘పోయాడు’ అనం కాబట్టి.

1985లో విక్టర్ రాస్కిన్ అనే భాషాశాస్త్రవేత్త చెప్పిన సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది. జోకులో ఉన్న మాటలు పూర్తిగానో కొంతవరకో రెండు వేరువేరు కథలకు సరిపోవాలి, ఆ రెండు కథలూ ఒకదానికొకటి ఎదురు నిలవాలి అంటాడాయన. నేనైతే ‘పూర్తిగా’ దగ్గరే పట్టుబడతాను. ఒక్కో వాక్యం తీసుకుని రెండు కథల్లోనూ నిజమేనా అని చూస్తాను. ‘ఏం జరగనట్టే వచ్చింది’ రెంటికీ సరిపోతుంది. మొదట ‘కోపంగా పోయింది’ అని రాసుకుని కొట్టేశాను, కరెంటుకి కోపమేంటి? ‘పుట్టింటికి పోయింది’ అంటే అది మోసం, పంచ్ విన్నాక వెనక్కి తిరిగి చూసుకున్నవాడికి ఒళ్ళు మండుతుంది. అత్త మాట మాత్రం ఫ్రెండు ఎత్తొచ్చు, వాడు నిజంగానే పొరబడ్డాడు కాబట్టి.

‘చెప్పాపెట్టకుండా’ ఊరికే పెట్టింది కాదు. ‘పోయింది’కి మూడో అర్థం కూడా ఉంది, చనిపోయిందని. వినేవాడి మనసు అటు తిరిగితే ముఖం ముడుచుకుంటాడు, ఆపైన ఏం చెప్పినా నవ్వడు. ఆ ఒక్క మాట ఆ దారి మూసేస్తుంది.

ఇక నాకు చిరాకు తెప్పించే తోక సంగతి.

తెలుగులో ఎవరన్నా అన్నమాట చెప్పాలంటే చివర ‘అని అన్నాడంట’ తగిలిస్తాం. పుస్తకంలో బానే ఉంటుంది. జోకులో మాత్రం అది పంచ్ మీద తడిగుడ్డ వేసినట్టు. ‘లైన్‌మేనుకి’ చెవిలో పడగానే వినేవాడి మనసు వెనక్కి పరిగెత్తి, ‘ఓహో, పోయింది కరెంటా’ అని మొత్తం కథ తిరగరాసుకోవాలి. ఆ అరక్షణం వాడికి ఖాళీగా ఇవ్వాలి. మీరేమో అప్పుడే ‘కదరా చెప్పాల్సింది అని అన్నాడంట’ అంటూ ఇంకో నాలుగు మాటలు గుమ్మరిస్తున్నారు. వచ్చిన నవ్వును మర్యాద కోసం నొక్కిపట్టి అవి వింటాడు. మీరు ఆగేసరికి నవ్వు చల్లారి ఉంటుంది. మీరేమో జోకు బాలేదనుకుంటారు.

ఎవరన్నారో చెప్పక తప్పదంటే ముందే చెప్పేయండి. ‘వాడేమన్నాడంటే’ అని ఎత్తుకుంటే తోక తలలోకి వచ్చేస్తుంది. ఇద్దరే మాట్లాడుకుంటుంటే అదీ అక్కర్లేదు, గొంతు మార్చితే చాలు. నేను అదే చేస్తాను. ‘ఒక జోకు చెప్తా వినండి’ అని కూడా అనను, ఆ మాట విన్న మరుక్షణం ఎదుటివాడు మోసం ఎక్కడుందా అని వెతకడం మొదలుపెడతాడు.

తోక తీసేసినా ఇంకో చిక్కు ఉంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, గుట్టు విప్పే మాటేమో తరచూ నామవాచకం. ‘లైన్‌మేనుకి చెప్పాలి’ అంటే గుట్టు ముందు రట్టై, ఉత్త ‘చెప్పాలి’ వెనక మిగులుతుంది. అందుకే ‘చెప్పాల్సింది లైన్‌మేనుకి’ అని తిప్పాను. క్రియను ‘-ది’తో నామం లాగా చేసి ముందుకు తెస్తే, దాచుకున్న మాట చివరికి జరుగుతుంది. వచ్చింది ఎవరు, తిన్నది ఏంది, ఇచ్చింది ఎవురికి అని రోజూ మాట్లాడేదే.

ఇంకో ఉపాయం, మాటను క్రియ దాటించి అవతల పడెయ్యడం. మైపాడు వైపు నుంచి బుట్టతో వచ్చే చేపలామెను ఒకావిడ అడిగింది, “తాజాయేనా ఇయ్యి?” అని. “తాజాయేనని చెప్తానే ఉండా గదమ్మా, నిన్నటి నుంచి.” దీన్ని వ్యాకరణంగా ‘నిన్నటి నుంచి తాజావేనని చెప్తూనే ఉన్నాను కదమ్మా’ అని సర్ది చూడండి, చేపలతో పాటు జోకూ కుళ్ళిపోతుంది. రాతలో ఇలా తిప్పితే తప్పనిపిస్తుందేమో గానీ నోటితో అందరం మాట్లాడేది ఇట్లానే.

కుదిరిందో లేదో చెప్పి చూస్తేనే తెలుస్తుంది. పంచ్ తర్వాత చిన్న నిశ్శబ్దం, ఆపైన నవ్వు వస్తే కుదిరినట్టు. ‘తెల్లారి వచ్చింది’ దగ్గరే ముసిముసిగా నవ్వుతున్నారంటే ముందే పసిగట్టారు. ‘లైన్‌మేను ఎందుకు?’ అని అడిగితే రెండో కథకు ఎత్తుగడలో ఆధారం చాలలేదు. ఇంకొకటి, ఈ జోకు నెల్లూరులో రోహిణీ కార్తెలో చెప్పకండి. ఆ ఎండల్లో రాత్రి పోయింది అనగానే ఎవరికైనా మొదట తట్టేది కరెంటే, భార్య కాదు. తుఫాను రోజుల్లోనూ అంతే. ముందు ఏది తట్టుతుందన్నది ఊరినీ కాలాన్నీ బట్టి ఉంటుంది, అందుకే నేను దీన్ని సంక్రాంతికి వచ్చిన చుట్టాల కోసం దాచుకుంటాను.

అభ్యాసం. గౌరవానికి ఒక్కరినే ‘వచ్చారు’ అంటాం, పదిమంది వచ్చినా ‘వచ్చారు’ అంటాం. దాని మీద ఇదుగో ఎత్తుగడ: “మేం ఊళ్ళో లేనప్పుడు వచ్చారు. ఇల్లంతా తిరిగారు. బీరువా తెరిచి చూశారు. ఫ్రిజ్‌లో చేపల పులుసు గిన్నె ఖాళీ.” ఫ్రెండు “స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చావా?” అంటాడు. జవాబు మీరు రాయండి. పది మాటలు దాటకూడదు, ‘దొంగ’ అనే మాట ఎక్కడా రాకూడదు, గుట్టు విప్పే మాట తర్వాత ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. ఆరు రకాలుగా రాసి, ఆరూ ఆరుగురికి వినిపించి, ఎవరు ఎక్కడ నవ్వారో పక్కన రాసి పంపండి. ‘అన్నాడంట’ కనబడితే ఆ కాగితం అక్కడితో చదవడం ఆపేస్తాను.