స్థలం కొనే ముందు – నాలుగో పాఠం: ఈసీలో ‘నిల్’ అని వచ్చినప్పుడు

ఈసారి భవన నిర్మాణ అనుమతి పత్రాలను చదవడం చెబుతానని గత పాఠం చివర రాశాను. దానిని తరువాతి పాఠానికి వాయిదా వేయక తప్పడం లేదు. గత పాఠంలోని అభ్యాసం చేసినవారిలో ఎక్కువ మంది తాము చూస్తున్న ప్లాటుకు ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీసి, అందులో లావాదేవీలేవీ లేవని రాగానే స్థలానికి ఏ చిక్కూ లేదని తేల్చుకున్నారు. కర్నూలు శివారులో ప్లాటు చూసిన ఒకరైతే ఆ కాగితం ఆధారంగా బయానా కూడా ఇచ్చేశారు.

రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకాలలో మనం అడిగిన నంబరు కింద, మనం అడిగిన కాలంలో నమోదైన దస్తావేజుల జాబితాయే ఈసీ. కంప్యూటరులో అది 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పాత పుస్తకాలను వెతికించుకోవాలి. కాబట్టి ‘నిల్’ రావడానికి మూడు కారణాలు ఉండవచ్చు. తాతల నాటి భూమి కావడంతో నిజంగానే ఏ దస్తావేజూ పుట్టకపోయి ఉండవచ్చు. దస్తావేజు వేరొక నంబరు కింద నమోదై ఉండవచ్చు. లేదా అది అసలు రిజిస్ట్రేషనుకే నోచుకోని భూమి అయి ఉండవచ్చు. మొదటిదానికి వారసత్వ పత్రాలు, గ్రామ సాగు రికార్డులైన పాత అడంగళ్లు చూస్తే సరిపోతుంది. మిగిలిన రెండింటి గురించే ఈ పాఠం.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక గ్రామంలో సర్వే నంబరు 312 ఒకే కుటుంబానిది. 1988లో తండ్రి ఆ భూమి మొత్తాన్ని తనఖా పెట్టాడు. 1996లో అన్నదమ్ములు భాగ పరిష్కారం చేసుకోగా, చిన్నవాడి వంతుకు నాలుగు ఎకరాలు 312/2గా వచ్చాయి. అతడు దానిని వెంచరు వేయగా మనం చూస్తున్నది 47వ ప్లాటు. ఈలోగా రీసర్వే జరిగి ఆ భూమికి 861 అనే కొత్త నంబరు వచ్చింది. ఇప్పుడు 861తో వెతికితే రీసర్వే తరువాతివే కనిపించవచ్చు. 312/2తో వెతికితే 1996 నుంచి కనిపించవచ్చు. తండ్రి పెట్టిన తనఖా, దాని రద్దు దస్తావేజు ఉందో లేదో మాత్రం 312తో వెతికితేనే తెలుస్తాయి. అందువల్ల ఒకే ప్లాటుకు మూల సర్వే నంబరుతో, సబ్‌డివిజన్‌తో, కొత్త నంబరుతో, ప్లాటు నంబరుతో విడివిడిగా ఈసీ తీయాలి. వచ్చిన ప్రతి వరుసలో చెక్కుబందీని, అంటే నాలుగు వైపుల హద్దులను, మన దస్తావేజుతో పోల్చాలి. నేనైతే నంబర్ల కంటే ముందు హద్దులే చదువుతాను, ఎందుకంటే నంబరు మారినా తూర్పున ఉన్న వాగు సాధారణంగా అక్కడే ఉంటుంది.

ఇక్కడే నాకు మిక్కిలి విసుగు తెప్పించే ఒక ఉచ్చు ఉంది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే మొదలైన తరువాత, అది పూర్తయిన గ్రామాలలో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ నంబర్లు వచ్చాయి. వాటిని అందరూ ఎల్.పి. నంబర్లు అంటున్నారు. పట్టణ ప్రణాళిక శాఖ గాని, పట్టణాభివృద్ధి సంస్థ గాని లేఅవుటును మంజూరు చేసినప్పుడు ఇచ్చే నంబరును కూడా మొదటి నుంచీ ఎల్.పి. నంబరనే అంటారు. మొదటిది ప్రతి పొలానికీ ఉంటుంది. జొన్న పండే చేనుకు కూడా ఉంటుంది. రెండవది మంజూరైన వెంచరుకు మాత్రమే ఉంటుంది. ‘మాది ఎల్.పి. నంబరున్న వెంచరండీ’ అని ఏజెంటు అన్నప్పుడు, అతడు మొదటిదాని గురించి చెబుతుంటే ఆ మాట అబద్ధం కాదు, కాని మీకు పనికివచ్చే నిజమూ కాదు. తేడా కనిపెట్టడం తేలిక. పొలం నంబరు భూ యాజమాన్య రికార్డు అయిన 1-బి లోనూ అడంగల్ లోనూ ఒట్టి అంకెగా కనిపిస్తుంది. లేఅవుటు నంబరు పక్కన సాధారణంగా సంవత్సరం ఉంటుంది, దాని వెంట మంజూరు ఉత్తర్వు, ముద్ర పడిన ప్లాను ఉంటాయి. ఆ ఉత్తర్వు ప్రతిని అడిగి, కర్నూలులోనైతే కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థలో, అనంతపురంలో అనంతపురం–హిందూపురం సంస్థలో, కడపలో అన్నమయ్య సంస్థలో సరిచూసుకోవాలి. ఉత్తర్వు తాత్కాలిక మంజూరా, తుది మంజూరా అన్నది కూడా చదవాలి. తాత్కాలిక దశలో అభివృద్ధి పనులకు హామీగా 15 శాతం ప్లాట్లను సంస్థకు తనఖా పెడతారు. మీ 47 ఆ జాబితాలో ఉంటే, విడుదల పత్రం చూడనిదే ముందుకు వెళ్లకూడదు.

ఇక మూడవ కారణానికి వద్దాం. మన జిల్లాలలో డీకేటీ పట్టాలు అనేవి ప్రభుత్వం భూమిలేని పేదలకు సాగు కోసం ఇచ్చినవి. అమ్మరాదనే షరతుతో ఇచ్చిన అటువంటి భూమి బదిలీని 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం సాధారణంగా చెల్లదంటుంది. రిజిస్ట్రేషను జరగదు గనుక ఈసీ ‘నిల్’ అని రావడమే సహజం. అంటే మీరు ధైర్యం తెచ్చుకున్న కాగితమే అనుమానించవలసిన కాగితం. అటువంటి చోట డైగ్లాట్ అని పిలిచే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు నకలును తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. అందులో మూల సర్వే నంబరు ఎదుట రైత్వారీ పట్టా అని పేరు ఉందా, ప్రభుత్వం అని ఉందా, పేరు రాయవలసిన చోట చుక్కలు ఉన్నాయా చూడాలి. చుక్కల భూములకు 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ చట్టం కింద పరిష్కారమైందనే ఉత్తర్వు చూపనిదే నేను కొనను. ప్రభుత్వ భూమి అని ఉండి, తరువాత పట్టా ఇచ్చి ఉంటే దాని తేదీ ముఖ్యం. మన ప్రాంతంలో 1954 జూన్ 18కి ముందు ఇచ్చిన పట్టాలలో సాధారణంగా అమ్మకంపై నిషేధ షరతు ఉండదు. దానితో పాటు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ఉన్న నిషేధిత జాబితాలో కూడా మూల నంబరుతో వెతకాలి.

బ్రోచరు చేతికి రాగానే నేను చేసే లెక్క ఒకటి ఉంది. 312/2 నాలుగు ఎకరాలంటే 400 సెంట్లు. బ్రోచరులో అయిదేసి సెంట్ల ప్లాట్లు 62 ఉంటే 310 సెంట్లు అమ్మకానికే పోయాయి. లేఅవుటు నిబంధనల ప్రకారం పది శాతం, అంటే 40 సెంట్లు, ఖాళీ స్థలంగా వదలాలి. ఇక దారులకు మిగిలింది 50 సెంట్లు, పన్నెండున్నర శాతం. అయిదు సెంట్ల ప్లాటును 40 అడుగుల ముఖం, సుమారు 54 అడుగుల లోతుగా కోస్తే, రెండు వరుసల ప్లాట్లకు ఒక్క 30 అడుగుల దారి వేసినా అదే 21 శాతానికి పైగా తింటుంది. అంటే ఖాళీ స్థలాన్నో దారినో ప్లాట్లుగా అమ్ముతున్నారన్నమాట. మంజూరైన ప్లానులో ప్లాట్ల సంఖ్యను బ్రోచరు సంఖ్యతో పోల్చితే ఏది ఎక్కువైందో బయటపడుతుంది.

అభ్యాసం: కొనబోయే ప్లాటును పక్కన పెట్టి, మీరు ఇప్పుడు ఉంటున్న ఇంటినే తీసుకోండి. దాని ఇంటి నంబరు నుంచి ప్లాటు నంబరుకు, అక్కడి నుంచి సబ్‌డివిజన్‌కు, మూల సర్వే నంబరుకు వెనక్కి వెళ్లి, ప్రతి మార్పునూ రుజువు చేసే కాగితం పేరును ఎదురుగా రాయండి. ప్రతి నంబరుకూ 1983 నుంచి ఈసీ తీసి, హద్దులు మారిన చోట గీత గీయండి. చివరగా డైగ్లాట్ నకలు తెచ్చి మూల నంబరు వర్గీకరణను రాయండి. కాగితం దొరకని అడుగును ఖాళీగా వదలండి. మధ్యవర్తి చెప్పిన మాటతో దానిని పూరించవద్దు. భవన అనుమతి పాఠం మొదలుపెట్టే ముందు ఈ పట్టిక మీ దగ్గర ఉండాలి, ఎందుకంటే అక్కడ ప్లాను మీద వేసే సర్వే నంబరును దీనితోనే సరిపోల్చుతాం.