షీట్ పైల్ గోడ గొయ్యిలోకి ఒరుగుతుంటే: టేపు పట్టండి, తర్వాత నీళ్లు చూడండి

బరంపురం దాటి ఛత్రపూర్, గంజాం వైపు వెళ్తే నేలంతా ఇసుకే. ఋషికుల్య ఒడ్డున పంపు హౌస్ సంపు అయినా, రోడ్డు కింద కల్వర్టు అయినా 3 మీటర్ల గొయ్యి తీయాలంటే చుట్టూ అంచులు ఒకదానిలో ఒకటి ఇమిడే ఉక్కు పలకలు, అంటే షీట్ పైల్స్ దిగ్గొట్టి, అడ్డు దూలాలు లేకుండా వాటంతట వాటినే నిలబెట్టి తవ్వేస్తాం. నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఈ గోడల గురించే. "గోడ లోపలికి ఒరుగుతోంది సార్, పైల్ సన్నదైపోయిందా?" అని అడుగుతారు. సన్నదవడం చాలా అరుదు. పాతిన లోతు చాలకపోవడమే ఎక్కువ.

ఏది ఏమిటో ముందు తేల్చుకోండి

స్పిరిట్ లెవల్‌ను పైల్‌కు రెండు చోట్ల ఆనించండి. ఒకటి పై కొసకు దగ్గరగా, రెండోది తవ్వకం అడుగుకు జానెడు పైన. పైన వాలు ఎక్కువ ఉండి కింద దాదాపు నిటారుగా ఉంటే పైల్ వంగుతోంది, అంటే సెక్షన్ చాలలేదు. రెండు చోట్లా ఇంచుమించు ఒకే వాలు ఉంటే గోడ మొత్తం నేలలో తిరుగుతోంది. అది పాతిన లోతు సమస్య. బయటి నేల మీద గోడకు సమాంతరంగా పగులు, లోపల గోడ మొదట్లో ఇసుక కాస్త పైకి పొంగడం కూడా కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

ఎవరూ చేయని మొదటి పని

పైల్ పై కొస నుంచి గొయ్యి అడుగు దాకా టేపు వేసి కొలవండి. డ్రాయింగు చూసి చెప్పకండి, దిగి కొలవండి. పీసీసీ అడుగు కాంక్రీటు కోసం కొంత, ఊట నీరు తోడే గుంట కోసం కొంత, పొక్లెయిన్ బకెట్ జారి కొంత, ఇలా అరమీటరు అదనంగా దిగిపోయిన గొయ్యిలు ఎన్నో చూశాను. మరీ ఘోరం ఏమిటంటే ఆ నీటి గుంటను సరిగ్గా గోడ మొదట్లోనే తీస్తారు.

అరమీటరే కదా అనుకోవద్దు. లెక్క ఇలా వస్తుంది. బయటి మట్టి తోపు, లోపలి మట్టి ఆపు, ఈ రెండింటి మూమెంట్లను పైల్ అడుగు దగ్గరి బిందువు చుట్టూ సమం చేస్తాం. H తవ్వకం లోతు, d పాతిన లోతు, γ మట్టి యూనిట్ వెయిట్, Ka బయటి మట్టి తోపు గుణకం, Kp లోపలి మట్టి ఆపు గుణకం, F ప్యాసివ్ వైపు, అంటే ఆపే వైపు, తీసుకునే భద్రతా గుణకం.

```
Ka·γ·(H+d)³/6 = Kp·γ·d³/(6·F)
(H+d)/d = (Kp/(Ka·F))^(1/3)
```

ఇసుక ఘర్షణ కోణం 30 డిగ్రీలైతే Ka మూడో వంతు, Kp 3. F 1.5 పెడితే కుడివైపు 6కు ఘనమూలం, అంటే 1.817. 3 మీటర్ల గొయ్యికి d 3.67 మీటర్లు వస్తుంది. ఆ బిందువు కింద ఎదురు దిశలో పనిచేసే బలానికి చోటు కావాలి కాబట్టి ఇంకో 20 శాతం కలిపి 4.4 మీటర్లు పాతుతాం. మొత్తం పైల్ 7.4 మీటర్లు.

ఇప్పుడు గొయ్యి 3 బదులు 3.5 మీటర్లయిందనుకోండి. H పెరిగింది, అదే అరమీటరు పాతిన లోతులోంచి పోయింది కూడా. రెండూ ఘనంలో ఉన్నాయి. మిగిలిన 3.9 మీటర్లలోంచి ఆ 20 శాతం అదనం తీసేసి వెనక్కి లెక్కేస్తే F 1.5 నుంచి 1కి పడిపోతుంది. కట్టుకున్న భద్రత మొత్తం ఒక బకెట్ లోతులో పోయినట్టు. అందుకే డిజైన్‌లోనే H మీద 10 శాతం అదనంగా వేసుకుంటాను. యూరోకోడ్ 7 కూడా ఇలాంటి గోడలకు అదే అడుగుతుంది, అరమీటరు గరిష్ఠ హద్దుగా.

తప్పు ఇదే అయితే మార్గం సులువు. గోడ మొదటి నుంచి కనీసం d అంత వెడల్పున ఇసుక తిరిగి నింపి కుదించండి. నీటి గుంటను గొయ్యి మధ్యకు మార్చండి. తవ్వితీసిన మట్టిని బయట అంచునే పోసి ఉంటే అదీ తీయించండి. చదరపు మీటరుకు ఒక టన్ను బరువు ఉన్నా తోసే మూమెంట్ పాతిక శాతం పెరుగుతుంది.

లోతు సరిగ్గానే ఉంది, అయినా ఒరుగుతోంది

ఇక్కడే నేను బాగా దెబ్బతిన్నాను. ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఎగువన 3 మీటర్ల సంపు. ఏప్రిల్‌లో బోరు వేస్తే నీళ్లు సరిగ్గా 3 మీటర్ల దగ్గర తగిలాయి. 'గొయ్యి అడుగు దాకా పొడే, నీళ్ల లెక్క అనవసరం' అనుకుని పై సూత్రంతోనే 4.4 మీటర్లు పాతించాను. మే, జూన్ నెలల్లో గోడ కదల్లేదు. జూలైలో వానలు పట్టాయి. ఒక సోమవారం పొద్దున్నే ఇచ్ఛాపురం నుంచి వచ్చిన మేస్త్రీ ఫోన్ చేశాడు.

"బాబూ, గోడ నాలుగు వేళ్లు లోపలికొచ్చింది. నిన్న ఎవరూ తవ్వలేదు. పంపు మాత్రం రాత్రంతా ఆడింది."

తవ్వకుండానే ఒరిగిందన్న ఆ ఒక్క మాటలోనే కారణం ఉంది. తవ్వకం వల్ల వచ్చే ఒరుగు తవ్విన రోజే కనిపించి, నింపితే ఆగుతుంది. నీటి వల్ల వచ్చేది వాన తర్వాత, పంపు ఆడుతుండగా, రాత్రికి రాత్రి పెరుగుతుంది.

నా తప్పు సూత్రంలోనే దాగి ఉంది. పైన చూడండి, γ రెండు వైపులా కొట్టుకుపోయింది. యూనిట్ వెయిట్ ఎంతైనా d ఒకటే అన్న భ్రమ అక్కడ పుడుతుంది. అది రెండు వైపులా ఒకే γ ఉన్నంతవరకే నిజం. నీళ్లు గొయ్యి అడుగు దగ్గర ఉంటే గోడను తోసే మట్టిలో పై 3 మీటర్లు పొడి, ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్లు. గోడను ఆపే మట్టి అంతా నీటిలో మునిగి ఉంది, దాని బరువు 10 మాత్రమే. తోసేవాడు పూర్తి బరువుతో, ఆపేవాడు దాదాపు సగం బరువుతో నిలబడ్డారన్నమాట. అదే 3.67 మీటర్లతో ఈ లెక్క చేస్తే F 1.5 కాదు, 0.9. రెండు వైపులా నీళ్లు సమంగా ఉన్నా, ఎక్కడా ఊట లేకపోయినా ఇంతే.

జూలైలో బయటి నీరు నేల నుంచి 2 మీటర్లకు లేచింది. లోపల పంపు అడుగు దగ్గరే పట్టి ఉంచింది. తేడా ఒక్క మీటరు. ఆ నీరు బయట దిగి, పైల్ కింద నుంచి తిరిగి, లోపల పైకి వస్తుంది. దిగేటప్పుడు బయటి ఇసుకను బరువెక్కిస్తుంది, ఎక్కేటప్పుడు లోపలి ఇసుకను తేలిక చేస్తుంది, పైగా గోడ మీద నికరంగా నీటి ఒత్తిడి మిగులుతుంది. దారి పొడవునా మట్టం సమానంగా తగ్గుతుందని తీసుకుంటే నీటి వాలు, అంటే మీటరు దారికి తగ్గే మట్టం, 0.12. లోపలి ఇసుక బరువు 10 నుంచి 8.8కి దిగింది. ఆపే మూమెంట్ మీటరు గోడకు 217 కిలోన్యూటన్ మీటర్లు, తోసేది 315. నిష్పత్తి 0.69.

మరి గోడ మే నెలలోనే ఎందుకు పడలేదు? ఆ ఇసుక 30 డిగ్రీలది కాదు, కాస్త గట్టిది. 34 డిగ్రీలు పెట్టి చూస్తే వేసవిలో 1.25, జూలైలో 0.93 వస్తాయి. జరిగింది కూడా అదే. నేను జాగ్రత్త కోసం తగ్గించి తీసుకున్న కోణమే నా తప్పును రెండు నెలలు మోసింది.

గొయ్యి అడుగున ఇసుక బుడగలెత్తుతోందా అని మాత్రమే చూసి 'బాయిలింగ్ లేదు, ఫర్వాలేదు' అనేవాళ్లున్నారు. ఇసుక ఉడికినట్టు కావాలంటే నీటి వాలు 1 దగ్గరికి చేరాలి. ఇక్కడ 0.12కే గోడ పోతోంది. కాబట్టి అడుగు ప్రశాంతంగా ఉందంటే గోడ క్షేమంగా ఉన్నట్టు కాదు.

నిర్ధారించుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. చిల్లులు పెట్టిన పీవీసీ పైపుకు గుడ్డ చుట్టి, గోడకు మీటరు దూరంలో బయట రెండు చోట్ల పైల్ అడుగు లోతు దాకా దింపండి. టేపుకు బరువు కట్టి రోజూ పొద్దున, సాయంత్రం నీటి మట్టం రాయండి. నది మొగ దగ్గరైతే పోటుకు ఒకసారి, పాటుకు ఒకసారి. రెండింట్లో ఎత్తైనదే డిజైన్ మట్టం. వేసవిలో వేసిన ఒక్క బోరు చూసి వానాకాలపు గోడ కట్టకండి.

ఒరుగుతున్న గోడను ఆపడం

ముందు మనుషుల్ని పైకి రమ్మనండి. తర్వాత లోపలి పంపు ఆపండి. పని ఆగిపోతుందని అందరికీ టెన్షన్, కానీ లోపల నీళ్లు లేచి బయటి మట్టానికి సమమయ్యాకే ఊట ఆగుతుంది, గోడ నిలుస్తుంది. మేం అదే చేశాం. తర్వాత బయట 3 మీటర్ల వెడల్పున పై మీటరు మట్టి తీసేశాం, లోపల గోడ మొదట్లో ఇసుక బస్తాలు పేర్చాం. ఆ రోజు సాయంత్రానికి స్పిరిట్ లెవల్ మీద బుడగ జరగడం ఆగింది.

శాశ్వత మార్గానికి మళ్లీ లెక్క వేశాను. 30 డిగ్రీలు, F 1.5 అలాగే ఉంచితే, నీళ్లు రెండు వైపులా గొయ్యి అడుగున ఉన్నప్పుడు 4.4 బదులు 6.5 మీటర్లు పాతాలి. బయట ఒక మీటరు ఎత్తుగా ఉంటే 7.8. అంటే 3 మీటర్ల గొయ్యికి 10.8 మీటర్ల పైల్. అంత పొడుగు పైల్ కొనే డబ్బుతో గోడ పైభాగాన పొడవునా పోయే వేలర్ దూలం, దానికి అడ్డు దూలాలు పెట్టొచ్చు. మేం రెండూ కలిపాం. బయట నేలలోంచి నీటిని పీల్చే సన్నటి పైపులు, అంటే వెల్‌పాయింట్లు దింపి నీటి మట్టాన్ని గొయ్యి అడుగు కిందికి తెచ్చాం, కరెంటు పోతే జనరేటర్ వెంటనే అందుకునేలా పెట్టాం, పై కొస నుంచి ముప్పావు మీటరు కింద ఒక వరుస దూలాలు బిగించాం. దూలం పెట్టాక ఇది వేరే గోడ. మూమెంట్లు దూలం దగ్గర తీయాలి, పై సూత్రం వాడకూడదు.

ఒరిగిన గోడను జాకీలతో వెనక్కి నెట్టాలని చూడకండి. తవ్విన వైపు ఇసుక ఇప్పటికే వదులైంది, నెట్టితే ఇంకా వదులవుతుంది. సంపు గోడకు చోటు సరిపోతే ఆ నాలుగు వేళ్లు అలాగే ఉండనివ్వండి.

ఇంటర్‌లాక్ ఊడిపోవడం, మధ్యలో బంకమట్టి పొర రావడం, రాయి తగిలి పైల్ కొన వంకర తిరగడం కూడా జరుగుతాయి, కానీ వాటి ఆనవాళ్లు చాలావరకు దిగ్గొట్టేటప్పుడే కనిపిస్తాయి. ఒక పైల్ పక్కవాటికంటే అరమీటరు ముందే దిగడం ఆపేసిందని మేస్త్రీ చెబితే మాత్రం ఆ నంబరు రాసి పెట్టుకోండి, అక్కడి d మీరు అనుకున్న d కాదు.