పాత నగ మార్చేటప్పుడు తరుగు రెండుసార్లు పోకుండా

క్యారెట్‌ను 24తో భాగించి వందతో గుణిస్తే బంగారం శాతం వస్తుంది. 22 క్యారెట్లంటే 91.67 శాతం, హాల్‌మార్క్‌లో కనిపించే 916 అదే. 18 క్యారెట్లైతే 75 శాతం, ముద్ర 750.

మా అమ్మ 22 క్యారెట్ల రాళ్ల నెక్లెస్ తూకం 24 గ్రాములు. అందులో రాళ్లు, లక్క కలిపి 3 గ్రాములు. వాటిని ముందు తీసేయాలి. మిగిలిన 21 గ్రాములను 22తో గుణించి 24తో భాగిస్తే మేలిమి బంగారం 19.25 గ్రాములు. రాళ్లు తీయకుండా లెక్కేస్తే 22 గ్రాములని పొరబడతాం.

అసలు జాగ్రత్తపడాల్సింది ధర దగ్గర. 21 గ్రాములకైతే 22 క్యారెట్ల రేటు, 19.25 గ్రాములకైతే 24 క్యారెట్ల రేటు కట్టాలి. ఎలా చూసినా డబ్బు దాదాపు అంతే వస్తుంది. ఒక షాపులో మాకు 19.25కి 22 క్యారెట్ల రేటు వేశారు. అంటే కల్తీ లోహం కింద రెండుసార్లు కోత! 1.75 గ్రాముల డబ్బు పోయేదే. అందుకే "ఇది నికర తూకమా, మేలిమి తూకమా? ఏ రేటు కడుతున్నారు?" అని అడిగి, కాగితం మీద రాయించుకోండి. కరిగించి చూస్తే స్వచ్ఛత ముద్ర కంటే తక్కువ తేలవచ్చు, ముఖ్యంగా హాల్‌మార్క్ లేని పాత నగల్లో. అప్పుడు 22తో గుణించి 24తో భాగించే బదులు, పరీక్షలో వచ్చిన శాతంతో గుణించి వందతో భాగించాలి.