పీడీఎఫ్ నుంచి తెలుగు టెక్స్ట్ తీసే ముందు ఇవి చూసుకోండి

- మౌస్‌తో సెలెక్ట్ అవుతోంది కదా అని నమ్మేయకండి. ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పాత అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పుస్తకమైతే తెరమీద చక్కటి తెలుగే కనిపిస్తుంది కానీ, పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. నేను 300 పేజీలు తీసేశాక గానీ ఇది చూసుకోలేదు, పనంతా మళ్లీ మొదటికొచ్చింది. అలాంటిదానికి యూనికోడ్ కన్వర్టరో, బొమ్మలోని అక్షరాలు చదివే ఓసీఆరో కావాలి.

- తర్వాత టెర్మినల్‌లో, పాప్లర్ టూల్స్‌తో వచ్చే ఈ కమాండ్‌తో ఫాంట్లు చూడండి:

```
pdffonts -f 40 -l 45 pustakam.pdf
```

జాబితా ఖాళీగా వస్తే ఆ పేజీలు దాదాపుగా ఉత్త స్కాన్ బొమ్మలే, నేరుగా ఓసీఆర్‌కి వెళ్లొచ్చు.

- `GlyphLessFont` అని కనిపిస్తే అది స్కానే, ఎవరో ముందే టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్‌తో ఓసీఆర్ చేసి బొమ్మ వెనక కనిపించని అక్షరాలు పెట్టారన్నమాట. అప్పుడు తెలుగు భాష ఎంచుకున్నారో లేదో తెలియదు కాబట్టి ఒత్తులున్న మాటలు నాలుగు బొమ్మతో పోల్చి చూడండి, తప్పులుంటే భాషగా `tel` పెట్టి మళ్లీ చేయండి.

- మొదటి పేజీ ఒక్కటే చూసి తేల్చకండి. ముందుమాట కొత్తగా టైప్ చేసి, లోపలంతా పాత ముద్రణ స్కాన్ పెట్టినవి చాలా ఉంటాయి, అందుకే పైన 40వ పేజీ నుంచి చూడమన్నాను.