పాప పక్కన కుక్క గాల్లో తేలినట్టు కనిపిస్తే

ఒక ఫొటోలోంచి లాబ్రడార్ కుక్క బొమ్మను కత్తిరించి, ఇంకో ఫొటోలో పాప పక్కన పెట్టగానే అతికించినట్టే ఉంది. ముందు సైజు చూశాను. పాప ఎత్తు 100 సెం.మీ., ఫొటోలో 1500 పిక్సెళ్లు. కుక్క భుజం ఎత్తు 56 సెం.మీ. కాబట్టి నేల నుంచి భుజం దాకా 840 పిక్సెళ్లు రావాలి. తల ఎత్తుతో కొలిస్తే లెక్క తప్పుతుంది, కుక్క తల దించవచ్చు, ఎత్తవచ్చు. ఈ లెక్క కూడా ఇద్దరి పాదాలూ కెమెరాకు ఒకే దూరంలో ఉంటేనే.

పాప ముఖానికి ఎండ ఎడమ నుంచి పడుతోంది, కుక్కకేమో కుడి నుంచి. కుక్క లేయర్‌ను అద్దంలోలా ఎడమ కుడి మారేలా తిప్పేస్తే సరిపోయింది. బొచ్చు అంచున పాత బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా మిగిలింది. మాస్క్ మీద సన్నని బ్రష్‌తో, వెంట్రుక పెరిగే దిక్కునే గీస్తూ తీసేశాను.

అసలు తేడా పాదాల దగ్గరే. ఒక్క మెత్తని నీడ వేస్తే కుక్క ఇంకా తేలుతూనే ఉంటుంది. అందుకే Multiply మోడ్‌లో రెండు లేయర్లు పెట్టాను: పంజా నేలను తాకే చోట సన్నగా, బాగా ముదురుగా ఒకటి, పాప నీడ పడిన దిక్కుకే వెడల్పుగా, పలచగా ఇంకొకటి. రంగు నలుపు కాదు, పాప నీడలోంచి తీసుకున్నదే. చివరగా నాలుగైదు గడ్డిపోచలను పంజాల మీదికి తెచ్చాను.